నాలుగక్షరాల బూతుకు ఏడువందల ఏళ్లు

వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న కథ ఒకటుంది. పూర్వం ఇంగ్లండులో పిల్లల్ని కనాలంటే రాజుగారి అనుమతి కావాలట. అనుమతి దొరికిన దంపతులు ఇంటి గుమ్మానికి ఒక పలక వేలాడదీసేవారట. ఆ పలక మీద రాసిన ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిసి ‘ఫక్’ అనే బూతు పుట్టిందట. చదివినవాళ్లు ముచ్చటపడి పదిమందికి పంపుతుంటారు గానీ, ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. మాటల మొదటి అక్షరాలు ఏరి కొత్త మాట కట్టడం ఇంగ్లీషువాళ్లకు 20వ శతాబ్దంలో బాగా అబ్బిన అలవాటు. రాడార్, లేజర్ అలా పుట్టినవే. ఈ బూతు వాటికన్నా ఆరేడు వందల ఏళ్లు పెద్దది. పైగా ఇలాంటి మాటలే ఇంగ్లండు రాజు పేరు కూడా పట్టని ఊళ్లలో, వేరే భాషల్లో ఉన్నాయి. ఇంగ్లీషు పలక అక్కడికి ఎలా వెళ్తుంది?

ఆ మాటను ఇక్కడ చుక్కలు పెట్టి దాచడం లేదు. చుక్కలు పెట్టడం దాని చరిత్రలో ఒక ఘట్టం. ఆ ఘట్టం గురించి చెప్పాలంటే చుక్కలు తీసి చూడక తప్పదు.

ఇంగ్లీషుకు దాయాదులైన భాషలు ఉత్తర ఐరోపాలో చాలా ఉన్నాయి. డచ్‌లో ‘ఫొక్కెన్’ అంటే ఇవాళ పశువుల్ని ఈనించి పెంచడం. పాత డచ్‌లో దానికి పొడవడం, నెట్టడం అనే అర్థాలుండేవి. స్వీడిష్ మాండలికంలోని ‘ఫొక్కా’కు కొట్టడం అని ఒక అర్థం, సంభోగం అని ఇంకో అర్థం. నార్వే మాండలికాల్లో ‘ఫుక్కా’ ఉంది. వీటన్నిటినీ పక్కపక్కన పెడితే అడుగున కనిపించేది బూతు కాదు, కొట్టడమో నెట్టడమో చెప్పే మామూలు క్రియ. కొట్టడం, పొడవడం లాంటి మాటలు మెల్లగా పడకగది వైపు జరగడం లోకంలో అనేక భాషల్లో జరిగేదే. తెలుగు కుర్రాళ్ల మాటలు విన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ పాత అర్థం ఇంగ్లీషులో ఒక పక్షి పేరులో మిగిలింది. గాలికి ఎదురుగా ఒకేచోట రెక్కలు టపటపా కొట్టుకుంటూ నిలబడి, కింద ఎలుక కోసం చూసే చిన్న డేగ ఒకటుంది. షేక్‌స్పియర్ కాలంలో దానికున్న పేర్లలో ‘విండ్‌ఫకర్’ ఒకటి. గాలిని కొట్టేది అని అర్థం. ఆ పేరు పెట్టిన పల్లెజనం మనసులో ఏ చెడూ లేదు.

ఇంకా వెనక్కి వెళ్లడానికి ధ్వనుల సూత్రం ఒకటి పనికొస్తుంది. సంస్కృతం, లాటిన్ వంటి భాషల్లో ‘ప’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఫ’ వస్తుంది. మన పాదం వాళ్ల ఫుట్, మన పితృ వాళ్ల ఫాదర్. అలాగే ‘గ’ ఉన్నచోట ‘క’ వస్తుంది. కాడి, జంట అనే అర్థాలున్న సంస్కృత ‘యుగ’ ఇంగ్లీషులో ‘యోక్’ అయింది. ఇప్పుడు లాటిన్‌లో పిడికిలికి ఉన్న పేరు ‘పుగ్నుస్’ చూడండి. దాని మొదట్లోని ‘పుగ్’లో ప స్థానంలో ఫ, గ స్థానంలో క పెడితే ‘ఫుక్’ వస్తుంది. పిడికిలితో కొట్టే మాటకూ ఈ మాటకూ మూలం ఒకటేనని కొందరు పండితులు వాదించేది ఇందుకే. అందరూ ఒప్పుకోరు, దానికి కారణం ఉంది. పాత ఇంగ్లీషు రాతప్రతుల్లో ఈ మాట దొరకలేదు. మధ్యలో వేల ఏళ్ల ఖాళీ ఉన్నప్పుడు సూత్రం సరిపోయినంత మాత్రాన బంధుత్వం రుజువైపోదు. ఉత్తర ఐరోపా దాయాదుల దాకా నేల గట్టిదే, ఆ వెనకది ఊహ అని నా అభిప్రాయం.

రాతలో ఈ మాట జాడ చెస్టర్ అనే ఇంగ్లీషు పట్టణపు కోర్టు కాగితాల్లో బయటపడింది. కీల్ విశ్వవిద్యాలయానికి చెందిన చరిత్రకారుడు పాల్ బూత్ 2015లో ఈ సంగతి లోకానికి చెప్పారు. 1310 డిసెంబరు నుంచి 1311 సెప్టెంబరు దాకా ఉన్న నమోదుల్లో రోజర్ అనే మనిషి పేరు మూడుసార్లు వస్తుంది. అతని ఇంటిపేరు స్థానంలో ‘ఫకెబైదనేవల్’ అని ఉంది. ఎక్కడేం చెయ్యాలో తెలియక బొడ్డు దగ్గర తంటాలు పడినవాడని దాని భావం. ఎవరో పెట్టిన ఎగతాళి పేరే అయ్యుండాలి. పాపం, అతని అసలు ఇంటిపేరు పోయి అదే కోర్టు చిట్టాకెక్కింది. ఆ పేరుతోనే అతన్ని చట్టం రక్షణ లేనివాడిగా ప్రకటించారు. అంతకన్నా ముఖ్యమైనది గుమాస్తా ప్రవర్తన. ఆయన ఆ పేరును చుక్కలు పెట్టకుండా, కుదించకుండా మూడుసార్లూ పూర్తిగా రాశాడు. నవ్వొచ్చే పేరే గాని రాయకూడని పేరు అని ఆయనకు అనిపించలేదు.

తర్వాతి సాక్ష్యం 15వ శతాబ్దపు ఒక పద్యం. సగం లాటిన్, సగం ఇంగ్లీషు. కేంబ్రిడ్జి ప్రాంతపు సన్యాసుల మీద వెక్కిరింపు అది. వాళ్లకు స్వర్గం దొరకదని, ఈలీ పట్టణపు ఇల్లాళ్లతో వాళ్ల వ్యవహారమే అందుకు కారణమని చెప్పే చోట కవి రహస్య లిపిలోకి జారుకున్నాడు. ఆ రాతప్రతిలో జి, ఎక్స్, డి, డి, బి, ఓ, వి అనే ఏడు అక్షరాలు వరసగా కనిపిస్తాయి. చదివితే ఏమీ రాదు. ఒక్కో అక్షరాన్ని వర్ణమాలలో ఒక అడుగు వెనక్కి జరపాలి. జి వెనక ఎఫ్. ఎక్స్ వెనక వి, ఎందుకంటే అప్పటి వర్ణమాలలో డబ్ల్యూ లేదు. డి వెనక సి, రెండుసార్లు. బి వెనక ఎ, ఓ వెనక ఎన్. చివరి వి వెనక టి, ఎందుకంటే యు, వి అప్పుడు ఒకే అక్షరం. అన్నీ కలిపితే ‘ఫుక్కాంట్’. ఇంగ్లీషు ధాతువుకు లాటిన్ బహువచన ప్రత్యయం తగిలించాడు కవి. మనం ఇంగ్లీషు క్రియకు ‘చేస్తున్నారు’ తగిలించినట్టే.

రహస్య లిపి వాడాడు కనుక మాట అప్పటికే బూతైపోయిందని అనుకోవచ్చు. కొంత నిజం. కానీ ఆ పద్యంలో ‘స్వైవ్’ అనే మరో క్రియను కూడా అలాగే దాచారు. సంభోగానికి అప్పట్లో అందరికీ తెలిసిన మాట అది. మహాకవి చాసర్ తన కథల్లో దాన్ని దాపరికం లేకుండా వాడాడు. కాబట్టి కవి దాచింది మాటనా, సన్యాసుల మీద వేసిన నిందనా అని అడగాల్సి వస్తుంది. నిందనే అని నాకు అనిపిస్తుంది.

ఇంకో చిన్న రాత ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. ఆక్స్‌ఫర్డులోని బ్రేజ్‌నోజ్ కళాశాలలో రోమన్ రచయిత సిసెరో రాసిన నీతిగ్రంథం ప్రతి ఒకటి ఉంది. అందులో 1528లో ఎవరో సన్యాసి తన మఠాధిపతి మీద కోపం పట్టలేక మార్జిన్‌లో రెండు మాటలు గీకాడు. మఠాధిపతికి ముందు ‘ఫకిన్’ అని పూర్తిగా రాశాడు. దానికీ ముందు ‘డి’ అనే ఒక్క అక్షరం మాత్రం వేసి వదిలేశాడు. ఆ డి ‘డ్యామ్డ్’కు గుర్తు కావచ్చని పండితులు అంటారు. దేవుడి శాపం తగిలి నరకానికి పోయేవాడని దాని అర్థం. అలా అయితే, ఇవాళ మనకు మెత్తగా వినిపించే డ్యామ్ రాయడానికి ఆ సన్యాసి చెయ్యి వణికింది, ఫకిన్ రాయడానికి వణకలేదు.

మధ్యయుగపు ఇంగ్లీషువాడికి బూతంటే దేవుడి పేరు. దేవుడి ఎముకల మీద ఒట్టు, దేవుడి గాయాల మీద ఒట్టు అని పనికిమాలిన సందర్భంలో అంటే, స్వర్గంలో ఉన్న క్రీస్తు శరీరం నిజంగానే చీలుతుందని బోధకులు చెప్పేవారు, జనం నమ్మేవారు. శరీర భాగాల పేర్లు, పడకటింటి పనుల పేర్లు మోటు మాటలు మాత్రమే. అవి వీధుల పేర్లలోనూ కనిపించేవి. 1606లో కూడా లండన్ నాటకశాలల్ని అదుపు చేసేందుకు పార్లమెంటు తెచ్చిన చట్టం పట్టించుకున్నది దేవుడి పేరునే. రంగం మీద ఆ పేరును వేళాకోళంగా వాడితే పది పౌన్ల జరిమానా, ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. మోటు మాటల గురించి ఆ చట్టంలో ఏమీ లేదు.

తర్వాతి రెండు శతాబ్దాల్లో ఆ భయం చోటు మారింది. మతసంస్కరణ తర్వాత ఒట్టుకు దేవుడి శరీరం చీలుతుందన్న నమ్మకం సడలింది. అదే కాలంలో కలిగినవాళ్ల ఇళ్లలో విడివిడి గదులు, మూసే తలుపులు వచ్చాయి. అంతకుముందు పదిమంది ఒకే హాల్లో పడుకునేవారు, శరీరానికి చాటు అనేదే తక్కువ. చాటు దొరికాక శరీరం సిగ్గుపడే వస్తువైంది, దాని పేర్లు నోట రాకూడనివయ్యాయి. నిఘంటువుల్లో ఈ మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1598లో జాన్ ఫ్లోరియో తన ఇటాలియన్-ఇంగ్లీషు నిఘంటువులో ఫక్‌ను మామూలు అర్థంగా ఇచ్చాడు. 1721లో నేథన్ బెయిలీ మాటనైతే చేర్చాడు గాని, అర్థం మాత్రం లాటిన్‌లో రాశాడు, చదువుకున్న మగవాళ్లకే తెలిసేలా. 1755లో శామ్యూల్ జాన్సన్ అసలు చేర్చనే లేదు. 1890ల్లో ఎఫ్ అక్షరం అచ్చువేసిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు కూడా వదిలేసింది. అది చేర్చుకున్నది 1972లో, అనుబంధ సంపుటంలో.

అచ్చులో మాయమైన ఆ కాలంలోనే మాటకు బలం పట్టింది. రాయకూడదు, ఆడవాళ్ల ముందు అనకూడదు, పిల్లల ముందు అసలే అనకూడదు అన్న ప్రతి ఆంక్షా దాన్ని పదును పెట్టింది. 19వ శతాబ్దం చివరికల్లా అది అర్థాన్ని వదిలించుకుని ఒట్టి వేడిగా మారిపోయింది. ‘ఫకింగ్’ అనే రూపాన్ని దేనికైనా ముందు పెట్టొచ్చు, వానకైనా, తలుపుకైనా. ఆఖరికి మాటల మధ్యలోకి కూడా దూరింది. ‘అబ్సొల్యూట్లీ’ని చీల్చి ‘అబ్సొ-ఫకింగ్-ల్యూట్లీ’ అంటారు. ఊనిక పడే ‘ల్యూ’కు సరిగ్గా ముందే చీలుస్తారు, ఇంకెక్కడా కాదు. ‘అబ్-ఫకింగ్-సొల్యూట్లీ’ అంటే చిన్నపిల్లాడు కూడా తప్పని చెబుతాడు, ఎవరూ నేర్పకపోయినా.

మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ సైనికుల పాటలు, యాసమాటలు సేకరించిన జాన్ బ్రోఫీ, ఎరిక్ పార్ట్రిడ్జ్ 1930లో ఒక సంగతి రాశారు. సైనికులు ఈ విశేషణాన్ని ఎంత విరివిగా వాడేవారంటే, అది చెవికి వినపడటమే మానేసింది. సార్జెంటు దాన్ని చేర్చి తుపాకులు తియ్యండి అంటే రోజూ ఉండే హడావుడే. అది లేకుండా తుపాకులు తియ్యండి అన్నాడంటే ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. బయట ఊళ్లో మాత్రం అదే మాట అచ్చువేస్తే కేసయ్యేది. 1948లో నార్మన్ మెయిలర్ యుద్ధం మీద నవల రాస్తూ ఒక అక్షరం మార్చి ‘ఫగ్’ అని రాయాల్సి వచ్చింది.

ఆ గోడ కోర్టుల్లో కూలింది. 1960లో లండన్‌లో పెంగ్విన్ సంస్థ మీద డి.హెచ్. లారెన్స్ నవల ‘లేడీ ఛాటర్లీస్ లవర్’ కేసు నడిచింది. ఆ మాట 30 సార్లకు తక్కువ కాకుండా వచ్చిందని ప్రాసిక్యూటర్ లెక్కగట్టి చెప్పాడు. సాహిత్య విమర్శకుడు రిచర్డ్ హోగార్ట్ సాక్ష్యం చెబుతూ, మొదటిసారి చదివినప్పుడు ఉలిక్కిపడ్డాననీ, చదువుతూ పోయేకొద్దీ ఆ ఉలికిపాటు తగ్గి మాట శుభ్రపడినట్టైందనీ అన్నాడు. జ్యూరీ పెంగ్విన్ పక్షాన తీర్పిచ్చింది. అదే నవలను బొంబాయిలో అమ్మిన పుస్తకాల దుకాణం యజమాని రంజిత్ ఉదేశీకి మాత్రం ఆ అదృష్టం లేదు. 1964లో మన సుప్రీంకోర్టు ఆయన శిక్షను ఖాయం చేసింది.

అమెరికాలో 1968లో పాల్ కోహెన్ అనే యువకుడు లాస్ ఏంజెలెస్ కోర్టు వరండాలోకి ఒక జాకెట్ తొడుక్కుని వచ్చాడు. నిర్బంధ సైనిక సేవను ఈ మాటతో తిట్టే నినాదం దాని మీద ఉంది. 30 రోజుల జైలు వేశారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ ప్రధాన న్యాయమూర్తి, కేసు వివరాలు మళ్లీ చెప్పక్కర్లేదని లాయరు మెల్విల్ నిమ్మర్‌కు సూచించాడు. ఆ మాట కోర్టు హాల్లో వినపడకూడదన్నదే ఉద్దేశం. నిమ్మర్ మాత్రం జాకెట్ మీద ఏముందో పూర్తిగా పలికాడు. పలకకపోతే, కొన్ని చోట్ల ఆ మాట అనకూడదని తానే ఒప్పుకున్నట్టవుతుంది కదా. 1971లో ఐదుగురు, నలుగురుగా చీలిన తీర్పు కోహెన్ వైపు వచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ హార్లన్ చెప్పిన ముఖ్యమైన మాట ఇది: మనుషులు మాటల్ని అర్థం కోసం ఎంతగా ఎంచుకుంటారో ఉద్వేగం కోసమూ అంతగా ఎంచుకుంటారు. కామాన్ని రేపడం ఆ జాకెట్ పని కాదు.

మన దేశంలో ఇదే ఆలోచన రావడానికి 2024 దాకా పట్టింది. ‘కాలేజ్ రొమాన్స్’ అనే వెబ్ సిరీస్‌లోని బూతుల మీద కేసు అది. ఎఫ్ఐఆర్ నమోదు చెయ్యాలని ఢిల్లీ హైకోర్టు చెబితే, ఆ ఏడాది మార్చి 19న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. జస్టిస్ బోపన్న, జస్టిస్ నరసింహ ధర్మాసనం ఇచ్చిన కారణం సూటిగా ఉంది. ఈ మాటల నిఘంటువు అర్థం లైంగికమే అయినా, వాడుకలో అవి కోపం, విసుగు, దుఃఖం, ఉత్సాహం చెబుతాయి తప్ప వినేవాళ్లలో కామోద్రేకం కలిగించవు. అసభ్యం వేరు, అశ్లీలం వేరు.

అర్థం పోయినా శక్తి ఎలా మిగిలింది? కీల్ విశ్వవిద్యాలయంలోనే రిచర్డ్ స్టీఫెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని మంచునీళ్లతో పరీక్షించారు. 2009లో వెలువడిన ఆ పరిశోధనలో విద్యార్థులు గడ్డకట్టేంత చల్లటి నీళ్లలో చెయ్యి ముంచి వీలైనంతసేపు ఉంచాలి. ఒకసారి తమకు నచ్చిన తిట్టును పదేపదే అంటూ, ఇంకోసారి బల్లను వర్ణించే మామూలు మాట అంటూ. తిడుతూ ఉన్నప్పుడు ఎక్కువసేపు ఓర్చుకున్నారు, గుండె వేగం కూడా పెరిగింది. తర్వాతి పరీక్షలో ఇంకో సంగతి తేలింది. రోజువారీ జీవితంలో ఎక్కువగా తిట్టేవాళ్లకు ఈ ఉపశమనం తక్కువ. సైనికుల చెవికి మాట వినపడకపోవడం లాంటిదే.

దాని బలమంతా ఆ గట్టి ‘ఫ’లో, చివర తెగే ‘క్’లో ఉందనేవాళ్లూ ఉన్నారు. 2020లో స్టీఫెన్స్ బృందం ‘ఫౌచ్’, ‘ట్విజ్‌పైప్’ అనే రెండు కొత్త మాటలు కల్పించింది. ఒకటి తిట్టులా ధ్వనిస్తుంది, ఇంకోటి నవ్వు తెప్పిస్తుంది. మంచునీళ్లలో అవి ఓర్పును పెంచలేదు, అసలు బూతే పెంచింది. అంటే శక్తి ధ్వనిలో లేదు. చిన్నప్పుడు ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహం మారిన తీరులో ఉంది.

తెలుగువాళ్లకు ఇది నేరుగా తగిలే సంగతి. బోస్టన్‌లో కేథరిన్ హారిస్, ఆమె సహచరులు టర్కిష్, ఇంగ్లీషు రెండూ తెలిసినవాళ్ల చర్మం మీద విద్యుత్ మార్పుల్ని కొలిచి 2003లో ఫలితాలు ప్రచురించారు. బూతులకూ, పిల్లల్ని గద్దించే మాటలకూ మాతృభాషలో చర్మం బాగా స్పందించింది, తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషులో తక్కువగా. హైదరాబాద్ ఆఫీసులో, విజయవాడ కాలేజీ క్యాంటీన్లో ఈ మాట అంత తేలిగ్గా నోట్లోంచి జారడానికి కారణం ఇదేనని నేను నమ్ముతాను. ‘ఆ మాట మళ్లీ అన్నావంటే నోట్లో కారం కొడతా’ అని మనల్ని గద్దించినప్పుడు ఆ మాట తెలుగుది. ఇంగ్లీషు బూతుకు ఏ కారమూ అంటుకోలేదు. పైగా మన తిట్లు చాలావరకు అవతలివాడి తల్లినో చెల్లినో లాగుతాయి. ఇది ఎవరి ఇంటి ఆడవాళ్ల జోలికీ పోదు కాబట్టి మర్యాదైన బూతులా అనిపిస్తుంది. నాన్న పక్కన కూర్చుని తెలుగు బూతున్న సినిమా చూడలేని కుర్రాడు, ఫోన్ జారిపడితే ఆయన ముందే ఇంగ్లీషు బూతు అనేస్తాడు.

ఇబ్బంది అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లినప్పుడు వస్తుంది. అవతలివాళ్లకు అది మాతృభాష బూతు. బలం తగ్గిందన్నది నిజమే. ఇవాళ ఇంగ్లీషులో అన్నిటికన్నా గట్టిగా నిషేధించిన మాటలు జాతిని, రంగును దూషించేవి. భాషావేత్త జాన్ మెక్‌వర్టర్ దీన్నే ఒక వరసగా చూపిస్తారు: ముందు దేవుడు, తర్వాత శరీరం, ఇప్పుడు మనుషుల గుంపులు. కానీ తగ్గడం వేరు, పోవడం వేరు. అమెరికాలో మామూలు ప్రసార టీవీలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఇలాంటి భాషకు నేటికీ చోటు లేదు, బ్రిటన్‌లో రాత్రి 9 దాటాలి. అక్కడ పుట్టిపెరిగినవాళ్లు వాడకాలను కూడా వేరు చేసి వింటారు. చేతి మీద వేడి కాఫీ ఒలికినప్పుడు దానంతటదే వచ్చే అరుపును పట్టించుకోరు. ‘ఫకింగ్ గుడ్’ అని స్నేహితుల మధ్య మెచ్చుకోవడం చెల్లుతుంది, అదే కొత్తగా చేరిన ఉద్యోగి మీటింగులో అంటే చెల్లదు. క్రియగా మార్చి వెనకే ‘యు’ చేర్చి ఎదుటి మనిషి వైపు తిప్పినప్పుడు మాత్రం మూడు వందల ఏళ్లు అచ్చులో దాచిపెట్టిన పదునంతా ఒక్కసారి బయటికొస్తుంది. మన చెవికి ఆ మూడు వాడకాలూ ఒకేలా, ఒకే తేలిక బరువుతో వినిపిస్తాయి. ఎదుటివాడి చెవికి వినిపించవు.